చుక్కలు చెరిపాకే పెద్దది చేయాలి

పెద్దాయన ఫొటో ఇంట్లో ఒక్కటీ మిగల్లేదు. ఎప్పుడో ఆయనకి సన్మానం జరిగినప్పుడు పేపర్లో పడిన బొమ్మను మాత్రం ఎవరో కత్తిరించి దాచారు. పెద్దకర్మకి ఫ్రేము కట్టించడానికి అదే స్టూడియోకి పట్టుకెళ్తారు. స్టూడియో అబ్బాయి దాన్ని స్కాన్ చేసి, లాగి పెద్దది చేస్తాడు. ముఖం నిండా చుక్కలు, వాటి మీద గళ్ల లుంగీ పరిచినట్టు అడ్డదిడ్డమైన చారలు. ‘పాత పేపరు కదండీ, ఇంతే వస్తుంది’ అంటాడు. నిజానికి తప్పు పేపరుది కాదు. పనుల వరస తారుమారైంది, అంతే.

అచ్చుయంత్రానికి తెలిసింది నల్ల సిరా ఒక్కటే, బూడిద రంగు దానికి లేదు. అందుకని ఫొటోను వరసలు వరసలుగా చుక్కలు చేసి అచ్చు వేస్తారు. వెలుతురున్న చోట చిన్న చుక్క, నీడ ఉన్న చోట పెద్ద చుక్క. దీన్నే హాఫ్‌టోన్ అంటారు. భూతద్దం పెట్టి చూస్తే నుదుటి దగ్గర తెల్లకాగితం మీద సన్నటి నల్లచుక్కలు కనిపిస్తాయి. జుట్టు దగ్గరికొస్తే సంగతి తిరగబడి, నలుపులో తెల్లటి కన్నాలుంటాయి. దినపత్రికల్లో ఈ వరసలు సాధారణంగా అంగుళానికి 85 ప్రాంతంలో ఉంటాయి, మంచి కాగితం మీద వేసే మ్యాగజైన్లలో 133 నుంచి 150 దాకా ఉంటాయి. నిలువుగా గానీ అడ్డంగా గానీ ఉన్న వరసలను కన్ను తొందరగా పసిగడుతుంది కాబట్టి, నలుపు-తెలుపు బొమ్మల్లో వాటిని 45 డిగ్రీల ఏటవాలుగా పెడతారు.

అంగుళానికి 85 అంటే చుక్కకీ చుక్కకీ మధ్య 0.3 మిల్లీమీటర్లు. పేపరు చేత్తో పట్టుకుని చదివే దూరంలో అవి కలిసిపోయి బూడిద రంగుగా కనిపిస్తాయి. బొమ్మను నాలుగు రెట్లు చేస్తే ఆ దూరం 1.2 మిల్లీమీటర్లవుతుంది. ఇక ఏ కన్నూ వాటిని కలపలేదు.

మరి ఆ చారలు ఎక్కడివి? అవి కాగితం మీద లేవు, స్కానర్లో పుట్టాయి. స్కానరూ బొమ్మను గళ్లుగానే చదువుతుంది. 200 డీపీఐలో స్కాన్ చేస్తే ఒక్కో చుక్కకి రెండు పిక్సెళ్ల పైచిలుకే దక్కుతాయి. చుక్కల వరస ఒకటి, పిక్సెళ్ల వరస ఇంకొకటి. రెండూ సరిగ్గా కుదరక కొత్త అలలు లేస్తాయి. వీటికి మోయిరే అని పేరు. చుక్కల కంటే చాలా వెడల్పుగా ఉండటమే వీటితో వచ్చిన చిక్కు. చుక్కల్ని మసకబరిచి మాయం చేయొచ్చు గానీ, ఈ అలలు పోయేంతగా మసకబరిస్తే వాటితోపాటు ముక్కూ మూతీ కూడా పోతాయి. అలలు పడ్డాక బాగుచేసే ప్రయత్నం మానేసి మళ్లీ స్కాన్ చేసుకోవడమే మేలు.

కాబట్టి మొదటి మెట్టు 600 డీపీఐ. అప్పుడు చుక్క చుక్కకీ ఏడు పిక్సెళ్లొస్తాయి. తెర మీద 100 శాతంలో చూస్తే ప్రతి చుక్కా విడిగా, స్పష్టంగా కనబడాలి. బొమ్మ ఘోరంగా ఉందే అనిపిస్తుంది, కంగారు పడక్కర్లేదు, మనకి కావలసింది అదే. స్కానర్లో పదును పెంచే ఆప్షన్ ఉంటే తీసేయాలి, లేకపోతే అది చుక్కలకే పదును పెడుతుంది. కటింగు వెనక నల్లకాగితం పెడితే అవతలి పేజీ అక్షరాలు ముఖం మీదికి తేలవు. ఫైలు టిఫ్‌గా దాచుకోవాలి. జేపెగ్, వాట్సాప్ లాంటివి ఈ దశలో చుక్కల అంచుల్ని చెడగొడతాయి. ఫోనుతో తీసిన ఫొటో కూడా పనికిరాదు. కొంచెం వాలుగా పట్టుకున్నా చుక్కల మధ్య దూరం ఒక మూల ఒకలా, మరో మూల ఇంకోలా మారిపోతుంది.

చాలా స్కానర్లలో Descreening అనే ఆప్షన్ ఉంటుంది. ఎప్సన్ వాళ్ల సాఫ్ట్‌వేర్లో అయితే దినపత్రికకి 85, మ్యాగజైనుకి 133, మేలురకం అచ్చుకి 175 అని ఎంచుకోవచ్చు కూడా. బొమ్మను ఉన్న సైజులోనే వాడుకునేటట్లయితే అది చాలు. పెద్దది చేయాలంటే మాత్రం ఆ పని చేత్తో చేసుకోవాలంటాను. ఎంత మసకబరచాలో అది తనంతట తనే తేల్చేస్తుంది. అతి చేస్తే వెనక్కి తీసుకోవడానికి దారి ఉండదు.

మన పెద్దాయన బొమ్మ రెండంగుళాల వెడల్పు, రెండున్నర ఎత్తు అనుకుందాం. 600లో స్కాన్ చేస్తే 1200 బై 1500 పిక్సెళ్లు. ముందు చుక్కల దూరం కొలవాలి. ఏటవాలు వరస వెంబడి, ఒక చుక్క నడిమి నుంచి పదో అవతలి చుక్క నడిమి దాకా కొలిస్తే 70 పిక్సెళ్లు వచ్చాయి, అంటే చుక్కకి ఏడు. Gaussian Blur తెరిచి అందులో మూడో వంతు, 2.3తో మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచుతూ పోవాలి. 2.8, 3 దగ్గరికి వచ్చేసరికి చుక్కలు దాదాపు కలిసిపోతాయి. చూడాల్సింది నుదురు కాదు, చెంప మీది సగం నీడ. తెలుపూ నలుపూ సగం సగం ఉన్న చోటే చుక్కల జాలీ అన్నిటికంటే గట్టిగా ఉంటుంది. అక్కడ పోయిందంటే మిగతా చోట్ల కూడా పోయినట్టే.

తర్వాతే Unsharp Mask. Radius 4, Amount 80 దగ్గర పెడితే చాలు. పదును పెట్టగానే చెంప మీద చుక్కలు మళ్లీ పైకి తేలాయంటే మసక చాలలేదన్నమాట. వెనక్కి వెళ్లి ఇంకాస్త పెంచాలి. ఈ పని అయ్యాక బొమ్మను 200 డీపీఐకి తగ్గించమని చాలాచోట్ల చెబుతారు. ఉన్న సైజుకైతే సరే. మనం ఎలాగూ పెద్దది చేస్తున్నాం కాబట్టి తగ్గించి మళ్లీ పెంచడం దండగ. ఆ 1200 పిక్సెళ్లనే ఎనిమిదంగుళాలకి పరిస్తే అంగుళానికి 150 వస్తాయి, గోడ మీది ఫ్రేముకి చాలు. చర్మం మరీ నున్నగా, ప్లాస్టిక్‌లా అనిపిస్తే రెండు శాతం నాయిస్ కలిపితే సహజంగా ఉంటుంది.

మసకబరచడం ఇష్టం లేనివాళ్లకి ఇంకో దారి ఉంది. ఇమేజ్‌జే అనే ఉచిత సాఫ్ట్‌వేర్లో బొమ్మను గ్రే చేసి FFT కొడితే నల్లటి చదరంలో నడుమ ఒక వెలుగు, దాని చుట్టూ వాలుగా నాలుగు నక్షత్రాలు కనిపిస్తాయి. క్రమం తప్పకుండా మళ్లీమళ్లీ వచ్చే చుక్కల వరసంతా ఆ నక్షత్రాల్లోకి చేరిపోయింది. మన బొమ్మకి చదరం 2048 పిక్సెళ్లది కాబట్టి, దాన్ని ఏడుతో భాగిస్తే వచ్చే దూరంలో, అంటే నడిమి నుంచి దాదాపు 290 పిక్సెళ్ల అవతల అవి ఉండాలి. వాటినీ, ఇంకా అవతల మినుకుమినుకుమనే వాటినీ చిన్నచిన్న నల్లటి వలయాలతో కప్పి Inverse FFT కొడితే చుక్కలు లేచిపోతాయి, కళ్లజోడు గీత మాత్రం అలాగే నిలుస్తుంది. నడిమి వెలుగును ముట్టుకోకూడదు, బొమ్మలోని వెలుగునీడలన్నీ దాన్లోనే ఉన్నాయి. వలయాలు మరీ పెద్దవైతే కళ్లజోడు అంచుల వెంట సన్నటి అలలు కనబడతాయి. అలా కనబడితే వలయం చిన్నది చేయాలి. రంగుల మ్యాగజైన్ బొమ్మలో నాలుగు సిరాలు నాలుగు కోణాల్లో ఉంటాయి కాబట్టి ఇదే పని ఎరుపు, ఆకుపచ్చ, నీలం చానళ్లలో విడివిడిగా చేయాలి. ఓపిక కావాలి.

ఏ దారిలో వెళ్లినా చుక్కల్లో లేనిది బొమ్మలోకి రాదు. ముఖం అంగుళం వెడల్పుంటే దానికి 85 చుక్కలు దక్కాయి, ఒక్కో కంటికి సుమారు 17. కనురెప్ప తెలుస్తుంది, వెంట్రుకలు తెలియవు. అదే సన్మానసభ గ్రూప్ ఫొటో అయి, ముఖం నాలుగు మిల్లీమీటర్లే ఉందనుకోండి, మొత్తం ముఖానికి 13 చుక్కలు, కంటికి రెండో మూడో. అలాంటి దాన్నుంచి ముఖం ఒక్కటీ తీసి ఫ్రేము కట్టమంటే ఎవరివల్లా కాదు. గ్రూప్ మొత్తాన్ని రెండింతలు చేసి, వరసలో ఆయన నిలబడ్డ చోటు తెలిసేలా పేరు రాసి ఇవ్వడమే స్టూడియో చేయగలిగిన పని.