ఇంటి ఖర్చు ఏ ఖాతా నుంచి?

భార్యాభర్తలిద్దరూ సంపాదించే ఇంట్లో ఖర్చులు నడిపే పద్ధతులు మూడు. ఇద్దరి జీతాలూ ఒకే జాయింట్ అకౌంట్‌లో వేసుకోవడం మొదటిది. ఎవరి ఖాతా వారు ఉంచుకుని బిల్లులు పంచుకోవడం రెండోది. ఇంటి ఖర్చుకు మాత్రం ఒక జాయింట్ అకౌంట్ తెరిచి, మిగతా జీతం ఎవరి దగ్గర వారు ఉంచుకోవడం మూడోది.

మొదటి పద్ధతిలో లెక్క తేలిక. కానీ పుట్టింటికి పంపిన రెండు వేలకు కూడా సంజాయిషీ చెప్పుకోవాల్సి రావచ్చు. రెండోదాంట్లో ఆ ఇబ్బంది లేదు గానీ, కంటికి కనిపించని నష్టం ఒకటుంది. భర్త ఇంటి లోను వాయిదా, భార్య సరుకులు, ఫీజులు కడుతూ పోతే, పదేళ్ల తర్వాత భర్త పేరున ఇల్లు ఉంటుంది; భార్య పెట్టిన డబ్బుకు ఆనవాలు ఉండదు. పైగా ఒకరు ఆసుపత్రి పాలైతే వారి ఖాతాలోని డబ్బును రెండోవారు తీయలేరు. నామినీ హక్కు ఖాతాదారు మరణించాకే పనికొస్తుంది.

మూడో పద్ధతి ఈ రెండు చిక్కులనూ చాలావరకు తగ్గిస్తుంది. అయితే ఎవరు ఎంత వేయాలన్నది ముందే తేల్చుకోవాలి. ఉదాహరణకు హైదరాబాద్‌లో ఒక జంటలో భర్తకు 60,000, భార్యకు 40,000 చేతికి వస్తాయనుకుందాం. అద్దె 20,000, సరుకులు 12,000, ఫీజుకు నెలవారీగా 9,000, పనిమనిషికి 5,000, కరెంటు, గ్యాస్, ఇంటర్నెట్‌కు 4,000 కలిపి ఖర్చు 50,000. చెరి సగం వేస్తే భర్తకు 35,000 మిగులుతాయి, భార్యకు 15,000 మాత్రమే. జీతాల దామాషాలో వేస్తే భర్త 30,000, భార్య 20,000 ఇస్తారు. అప్పుడు ఇద్దరికీ తమ జీతంలో సగం మిగులుతుంది. జీతం పడిన మర్నాడే ఈ మొత్తం దానంతటదే బదిలీ అయ్యేలా బ్యాంకులో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఇస్తే నెలనెలా అడగాల్సిన పని ఉండదు.

ఖాతా తెరిచేటప్పుడు ‘ఐదర్ ఆర్ సర్వైవర్’ అనే పద్ధతి ఎంచుకుంటే ఎవరైనా ఒక్కరే డబ్బు తీయవచ్చు. ఒకరు పోయినా రెండోవారు ఖాతా నడుపుకోవచ్చు. ‘జాయింట్లీ’ అని రాయిస్తే ప్రతి చెక్కుకూ ఇద్దరి సంతకాలూ కావాలి; రోజువారీ ఖర్చులకు అది కుదరదు. మొదటి పద్ధతిలోనూ ప్రమాదం లేకపోలేదు. గొడవ వస్తే ఒకరే మొత్తం ఖాళీ చేయగలరు. అందుకే ఈ ఖాతాలో ఒకటి రెండు నెలల ఖర్చుకు మించి ఉంచకపోవడం మంచిది.

నెలాఖరుకు ముందే ఖాతా పదేపదే ఖాళీ అవుతోందంటే అంచనా తప్పిందని అర్థం. వాటాలు కూడా ఒకసారి తేల్చి వదిలేసేవి కావు. జీతం పెరిగినా, ప్రసవం తర్వాత భార్య ఉద్యోగం మానినా మళ్లీ లెక్క వేయాలి. ఆమె ఆదాయం ఆగినప్పుడు ఆమె వాటా సున్నా అవుతుంది. సొంత ఖర్చుకు ఆమె ఖాతాలో ప్రతి నెలా ఎంత వేయాలో కూడా అప్పుడే నిర్ణయించుకోవాలి.