బాకీల స్టేట్‌మెంట్‌తో పాటు వెళ్ళే మెయిల్ ఎలా ఉండాలి?

ఈ రోజు చిన్న విషయమే, కానీ డబ్బులు ఆగిపోయేది ఇక్కడే. డిస్ట్రిబ్యూటర్లు నెలాఖరుకి షాపులకి ఏజింగ్ స్టేట్‌మెంట్ పంపిస్తారు కదా, ఏ బిల్లు ఎన్ని రోజులుగా పెండింగ్‌లో ఉందో చూపించేది. దాని మీద పెట్టే మెయిల్ గురించి మాట్లాడుకుందాం.

విజయవాడలో ఎలక్ట్రికల్ సామాను డిస్ట్రిబ్యూటర్ ఒకాయన తను పంపే మెయిల్ నాకు చూపించారు. సబ్జెక్ట్‌లో ‘స్టేట్‌మెంట్ ఆఫ్ అకౌంట్’ అని ఉంది. లోపల రెండు పేరాల మర్యాదలు, ‘మీ సహకారానికి కృతజ్ఞతలు’, చివర్లో ‘వీలైనంత త్వరగా చెల్లించగలరు’. ఎంత కట్టాలో, ఎప్పటికి కట్టాలో ఎక్కడా లేదు. షాపాయన అది చదివి అటాచ్‌మెంట్ తెరవాలి, తెరిచి నాలుగు కాలమ్‌లు కూడుకోవాలి. ఎవరు చేస్తారండీ?

మెయిల్ దిద్దే ముందు నేను షీట్ చూశాను. సెప్టెంబర్ 30 నాటికి 30 రోజుల్లోపు బిల్లులు 2,10,400. 31 నుంచి 60 రోజులవి 1,32,600. 61 నుంచి 90 వరకు 74,200. 90 దాటింది ఒకే బిల్లు, 69,000. మొత్తం 4,86,200. అయితే అడుగున ‘ఆన్ అకౌంట్’ అని 25,000 విడిగా ఉంది. ఆగస్టులో వచ్చిన చెక్కు అది, ఏ బిల్లుకీ సర్దలేదు. ఇలాగే పంపితే షాపాయన మొదటి మాటే ‘మా చెక్కు ఏమైంది?’ అని. ఆ ఒక్క ప్రశ్నతో ఇంకో పది రోజులు పోతాయి.

చెక్కు ఏ బిల్లుకో ఇచ్చినవాళ్ళు చెబితే దానికే జమ చెయ్యాలి. వాళ్ళు చెప్పకపోతే ఏ బాకీకి సర్దుకోవాలన్నది తీసుకున్నవాళ్ళ ఇష్టం. కాంట్రాక్ట్ చట్టం 59, 60 సెక్షన్లలో ఉన్నది ఇదే. ఇక్కడ షాపువాళ్ళు ఏమీ చెప్పలేదు కాబట్టి పాత బిల్లుకే వేయించాను. దాని మీద మిగిలింది 44,000. మొత్తం బాకీ 4,61,200. ఒప్పందం ప్రకారం అప్పు గడువు 30 రోజులు, అంటే గడువు దాటింది 2,50,800. మెయిల్‌లో ముందు కనపడాల్సిన అంకె ఇదీ, మొత్తం బాకీ కాదు. గడువు రాని రెండు లక్షల చిల్లర కూడా కలిపి అడిగితే అసలు పాత బాకీ అందులో కలిసిపోతుంది.

ఇంకొకటి. ఆ పాత బిల్లు తేదీ ఏప్రిల్ 18. సెప్టెంబర్ 30కి 165 రోజులు. జీఎస్టీలో బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో సరఫరాదారుకి డబ్బు చెల్లించకపోతే, కొన్నవాళ్ళు తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌ని, చెల్లించని మొత్తానికి తగినంత, వడ్డీతో వెనక్కి కట్టాలి. తర్వాత డబ్బు కట్టాక ఆ క్రెడిట్ మళ్ళీ తీసుకోవచ్చు, వడ్డీ మాత్రం పోయినట్టే. 180వ రోజు అక్టోబర్ 15. ఆ 44,000లో 18 శాతం చొప్పున పన్ను సుమారు 6,712. ఇది బెదిరింపు కాదు, షాపాయనకి పనికొచ్చే సమాచారం. అందుకే ఒక్క వాక్యంలో పెట్టాం.

కొందరు ఇక్కడ ‘ఎంఎస్ఎంఈ 45 రోజుల రూలు’ అని రాస్తారు. అది పెట్టకండి. హోల్‌సేల్ వ్యాపారులు ఉద్యమ్‌లో నమోదైనా, వాళ్ళకి వచ్చేది బ్యాంకు అప్పుల్లో ప్రాధాన్యత వరకే. అవతలి ఆడిటర్‌కి అది తెలిస్తే మెయిల్ మొత్తం తేలికైపోతుంది.

దిద్దాక ఇలా వచ్చింది. సబ్జెక్ట్: ‘సెప్టెంబర్ 30 నాటికి గడువు దాటిన బాకీ రూ. 2,50,800, అక్టోబర్ 10 లోపు’.

> నమస్కారం అండీ. మీ స్టేట్‌మెంట్ జత చేశాం. రోజులు బిల్లు తేదీ నుంచి లెక్కించాం, గడువు 30 రోజులు. గడువు దాటింది రూ. 2,50,800. అక్టోబర్ 10 లోపు పంపగలరు.
>
> ఆగస్టులో మీరిచ్చిన రూ. 25,000 చెక్కు ఏప్రిల్ 18 బిల్లుకి జమ చేశాం. దాని మీద ఇంకా రూ. 44,000 ఉంది. ఆ బిల్లుకి అక్టోబర్ 15తో 180 రోజులు నిండుతాయి, మీ ఇన్‌పుట్ క్రెడిట్ కోసం చూసుకోగలరు.
>
> ఏ బిల్లు మీదైనా అభ్యంతరం ఉంటే ఆ నంబరు మాత్రం అక్టోబర్ 5 లోపు తెలపండి, మిగతావి ఆపకండి.

‘రోజులు బిల్లు తేదీ నుంచి లెక్కించాం’ అన్న మాట చిన్నదే గానీ తీసెయ్యకండి. షాపువాళ్ళు గడువు తేదీ నుంచి లెక్కేస్తారు. మన 45 రోజుల బిల్లు వాళ్ళ లెక్కలో 15 రోజులే. ‘మిగతావి ఆపకండి’ కూడా అంతే. ఒక డ్యామేజీ ఫ్యాను పేరు చెప్పి బిల్లులన్నీ ఆపేసే అలవాటు బజార్లో ఉంది, మీకూ తెలుసు.

ఈ మెయిల్ పనిచెయ్యని చోటొకటి ఉంది. రెండు వైపుల లెడ్జర్లే కలవకపోతే, క్రెడిట్ నోట్లు వాళ్ళ పుస్తకంలో ఒకటి, మన పుస్తకంలో ఒకటి ఉంటే, అక్కడ ముందు లెడ్జర్ పంపి బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ తెప్పించుకోవాలి. స్టేట్‌మెంట్ దాని తర్వాతే.