మిగిలిన గదికి అద్దె లెక్క

మూడు పడక గదుల ఫ్లాట్లలో మూడో గది చాలా ఇళ్లలో ఇప్పుడు గోడౌను. పిల్లలు చదువుకో ఉద్యోగానికో వెళ్లిపోయాక అందులో ఒక మంచం, మంచం మీద మడత పెట్టని బట్టలు, కింద సూట్‌కేసులు, మూలన పనిచేయని ట్రెడ్‌మిల్ మిగులుతాయి. ఇల్లు వేరొకరికి ఇవ్వకుండా, గోడ పగలగొట్టకుండా ఆ ఒక్క గది మీద నెలనెలా కొంత సంపాదించుకోవచ్చు. ఉద్యోగం చేసే ఒంటరి వ్యక్తికి నెలవారీ అద్దెకు ఇవ్వడం అందులో సులువైన దారి. బాల్కనీ మూలనో కార్ పార్కింగ్‌నో బయటివాళ్లకు ఇవ్వడం కూడా ఉన్నదే గానీ, బయటి బళ్లను లోపలికి రానివ్వమని చాలా అసోసియేషన్లు నియమం పెట్టుకున్నాయి కాబట్టి అక్కడ ఆశ తక్కువ.

రోజువారీ అతిథులకు ఇస్తే ఎక్కువ వస్తుందని చాలామంది మొదట అటు చూస్తారు. కేంద్ర పర్యాటక శాఖకు ఇందుకోసం బెడ్ అండ్ బ్రేక్‌ఫస్ట్ పథకం కూడా ఉంది. యజమాని కుటుంబం అదే ఇంట్లో ఉండాలి, ఒకటి నుంచి ఆరు గదుల వరకు ఇవ్వవచ్చు. కానీ ప్రతి అతిథికీ దుప్పట్లు మార్చడం, తాళాలు అందించడం, లిఫ్టులో రోజుకో కొత్త ముఖం కనిపిస్తోందని పక్క ఫ్లాటువాళ్ల ఫిర్యాదు, ఇవన్నీ ఒక్క గది కోసం మోయడం కష్టమే. విదేశీయుడు దిగితే 24 గంటల్లోగా ఆ వివరాలు కూడా ఆన్‌లైన్‌లో పంపాలి. నెలవారీ అద్దెలో రాబడి కాస్త తక్కువైనా నిద్ర చెడదు.

హైదరాబాద్‌లో కూకట్‌పల్లి దగ్గర మూడో అంతస్తు ఫ్లాటు ఒకటి ఉందనుకుందాం. రిటైరైన దంపతులు ఉంటున్నారు. మెయిన్ డోర్‌కు దగ్గరగా ఉన్న 11 అడుగులకు 12 అడుగుల గదికి అటాచ్డ్ బాత్రూమ్ ఉంది. ఇవ్వడానికి అనువైన గది అదే. అద్దెకు వచ్చినవారు రాత్రి పది దాటి వచ్చినా హాలంతా దాటి వెళ్లనక్కర్లేదు, బాత్రూమ్ దగ్గర ఎవరూ ఎదురు చూడనక్కర్లేదు. కామన్ బాత్రూమ్ గదికి అద్దె తగ్గుతుంది. అంతకంటే ముఖ్యంగా, ఉదయం ఏడు నుంచి ఎనిమిది మధ్య రోజూ చిరాకు మొదలయ్యేది అక్కడే.

అద్దె ఎంత అడగాలన్నదానికి రెండు హద్దులు ఉన్నాయి. పై హద్దు, అదే వీధిలోని హాస్టల్‌లో సింగిల్ రూమ్ రేటు. కింది హద్దు, ముగ్గురు బ్యాచిలర్లు ఒక ఫ్లాటు తీసుకుంటే ఒక్కొక్కరి వాటా. హాస్టల్‌లో భోజనం కలిసి వస్తుంది కాబట్టి భోజనం లేని గదికి ఆ రేటు అడిగితే ఫోన్లు వస్తాయి గానీ మనుషులు నిలవరు. ఈ ఉదాహరణలో అద్దె 9,000 రూపాయలు, అడ్వాన్స్ రెండు నెలలది అనుకుందాం.

గదిలో మార్చాల్సింది కొద్దే. మంచం ఉన్నదే. కొత్త పరుపు, రాసుకోవడానికి టేబుల్, కుర్చీ, తలుపుకు మంచి తాళం, కర్టెన్లు, ఒక సబ్ మీటరు. అన్నీ కలిపి సుమారు 22,000 రూపాయలు. వీటిలో ఎక్కువమంది వదిలేసేది సబ్ మీటరే. తర్వాత మాటా మాటా పెరిగేది కూడా ఎక్కువగా దాని దగ్గరే.

ఎందుకంటే మన కరెంటు బిల్లు స్లాబుల్లో నడుస్తుంది. తెలంగాణలో 2022-23లో వచ్చిన గృహ టారిఫ్ లెక్క చూద్దాం. నెలకు 100 దాటి 200 యూనిట్ల లోపు వాడే ఇంట్లో మొదటి వంద యూనిట్లకు 3.40 రూపాయల చొప్పున, తర్వాతి వందకు 4.80 చొప్పున పడుతుంది. 200 దాటిన ఇంటికి మొదటి రెండు వందలకే 5.10 చొప్పున, తర్వాతి వందకు 7.70, ఆపై వందకు 9 రూపాయల చొప్పున పడుతుంది. అంటే గీత దాటితే దాటిన యూనిట్లకే కాదు, మొదటి యూనిట్లకు కూడా రేటు పెరుగుతుంది.

ఈ దంపతులు నెలకు 190 యూనిట్లు వాడితే, ఫిక్స్‌డ్ చార్జీలు వగైరా పక్కన పెట్టి, బిల్లు 772 రూపాయలు. వేసవిలో గదిలో ఏసీ రాత్రికి ఎనిమిది గంటలు తిరిగితే ఆరు యూనిట్ల దాకా లాగుతుంది. పాతిక రాత్రులకు 150 యూనిట్లు. మొత్తం 340 యూనిట్లు అవుతుంది, బిల్లు 2,150కి చేరుతుంది. పెరిగింది 1,378 రూపాయలు, అంటే గదిలో కాలిన ప్రతి యూనిట్‌కూ 9 రూపాయల పైనే. బిల్లును మొత్తం యూనిట్లతో భాగించి సగటు రేటు వేస్తే వచ్చేది ఆరు రూపాయల చిల్లరే. అలా వసూలు చేస్తే నెలకు 430 రూపాయలు ఓనరు చేతి నుంచి పోతాయి. ‘కరెంటు అద్దెలోనే’ అని మాట ఇచ్చేస్తే నాలుగు వేసవి నెలల్లో 5,500 దాకా పోతుంది, అంటే నెల అద్దెలో సగానికి పైగా. కాబట్టి ఏసీ లైనుకు సబ్ మీటరు పెట్టి, అది లేనప్పటి బిల్లెంతో, ఉన్నప్పటి బిల్లెంతో ఇద్దరూ కలిసి చూసుకుని, ఆ తేడాను గది ఖాతాలో వేయడమే న్యాయం. ఈ లెక్క ముందే కాగితం మీద చూపిస్తే ఎవరూ పేచీ పెట్టరు.

కరెంటులో ఇంకో చిక్కు ఇండక్షన్ స్టవ్. వంటింట్లోకి పదే పదే రావడానికి మొహమాటపడి చాలామంది గదిలోనే ఒకటి పెట్టుకుంటారు. 2,000 వాట్ల స్టవ్ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. మంచం పక్కన ఉండే చిన్న సాకెట్ 6 ఆంపియర్లదే. వెంటనే ఏమీ కాదు. ప్లగ్ వెచ్చబడుతుంది, కొన్ని వారాలకు సాకెట్ రంధ్రాల చుట్టూ తెల్ల ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరుగుతుంది, ఎప్పుడో కాలిన వాసన వస్తుంది. ఆ రంగు కనిపించిన రోజే వాడకం ఆపించాలి. గదిలో వంట ఒప్పుకునేటట్టయితే మందపాటి వైరుతో 16 ఆంపియర్ల సాకెట్ వేయించాలి, లేకపోతే వంటింట్లోనే ఒక బర్నరు, ఫ్రిజ్‌లో ఒక అర ఇచ్చేయాలి. రెండోదే మేలు. ఫ్రిజ్‌లో అర ఎవరిదో తేలకపోతే పెరుగు గిన్నె మీద వచ్చే గొడవ అద్దె బాకీ మీద వచ్చే గొడవ కంటే చేదుగా ఉంటుంది.

మనిషి దిగే ముందు కావాల్సిన కాగితాలు కొన్నే. అసోసియేషన్ నియమాల్లో గది అద్దెకు ఇవ్వడం గురించి ఏముందో చూసి సెక్రటరీకి రాతపూర్వకంగా చెప్పాలి. కొన్ని చోట్ల అద్దెకు ఇచ్చిన ఫ్లాటుకు మెయింటెనెన్స్ ఎక్కువ తీసుకుంటారు, అది అద్దెలో కలుపుకోవాలి. వచ్చేవారి ఆధార్ జిరాక్స్ తీసుకుంటే సరిపోదు. కార్డు మీది క్యూఆర్ కోడ్‌ను ఆధార్ యాప్‌తో స్కాన్ చేస్తే పేరు, ఫోటో సరిపోలుతున్నాయో లేదో అప్పుడే తెలుస్తుంది. ఆఫీసు ఐడీ, పాత ఓనరు ఫోన్ నంబరు కూడా అడగాలి. పాత ఓనరుకు ఫోన్ చేసి ‘ఎందుకు ఖాళీ చేశారండీ?’ అని అడిగితే పది కాగితాలు చెప్పనిది ఆ ఒక్క జవాబు చెబుతుంది. వివరాలు స్థానిక పోలీస్ స్టేషన్‌లోనూ ఇవ్వాలి.

ఇక ఒప్పందం. పదకొండు నెలలకే రాసుకోవడం ఊరికే వచ్చిన ఆచారం కాదు. ఏడాదికి మించిన లీజును 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం తప్పనిసరిగా రిజిస్టర్ చేయించాలి. కానీ ఇంట్లోనే ఉంటూ గది ఇచ్చేవారికి అంతకంటే ముఖ్యమైన తేడా ఒకటుంది. లీజు అంటే ఆ స్థలం మీద స్వాధీనం అవతలివారికి వెళ్లినట్టు. లైసెన్సు అంటే వాడుకోవడానికి అనుమతి మాత్రమే, స్వాధీనం ఓనరుదే. ఈ లైసెన్సుకు నిర్వచనం 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టంలో ఉంది. గొడవ వస్తే, లైసెన్సు ఇచ్చినవారి పరిస్థితి లీజు ఇచ్చినవారి కంటే మెరుగ్గా ఉంటుంది.

అయితే కాగితం పైన ‘లీవ్ అండ్ లైసెన్సు’ అని పెద్దక్షరాలు వేసినంత మాత్రాన సరిపోదు. పత్రం పేరును కాక దాని సారాన్ని చూడాలని సుప్రీంకోర్టు 1959లోనే, హోటల్ ఆవరణలో స్థలం ఇచ్చిన కేసులో చెప్పింది. అంటే ఇంట్లో నడవడిక కూడా అలాగే ఉండాలి. గది రెండో తాళం చెవి ఓనరు దగ్గర ఉండడం, వారానికి ఒకసారి ఇంటి పనిమనిషే ఆ గది కూడా తుడవడం, అల్మారాలో ఒక అర ఓనరుదే కావడం, ఇవి స్వాధీనం వదులుకోలేదనడానికి గుర్తులు. అలాగని చెప్పకుండా తలుపు తీసుకుని లోపలికి వెళ్లకూడదు. ఏ రోజు, ఏ వేళకు శుభ్రం చేస్తారో ఒప్పందంలోనే రాసుకోవాలి. వంటింటి వాడకం, వచ్చే బంధువులు ఎన్ని రాత్రులు ఉండవచ్చు, ఇరువైపులా నెల రోజుల నోటీసు, ఇవీ అందులోనే.

అద్దె చెక్కుగానో యూపీఐలోనో తీసుకోవడమే మంచిది. చాలామంది చేతికి ఇమ్మని అడిగేది పన్ను కోసం. అది నిలవదు. ఇంటి అద్దె భత్యంపై పన్ను మినహాయింపు కోసం అద్దె రసీదులు ఇచ్చే ఉద్యోగి ఏడాదికి లక్ష రూపాయలు మించి అద్దె కడితే ఓనరు పాన్ నంబరు ఆఫీసుకు ఇవ్వాల్సిందే. నెలకు 9,000 అంటే ఏడాదికి 1,08,000. దాచేదేమీ ఉండదు. నిజానికి దాచాల్సినంత భారం కూడా లేదు. అద్దె ఆదాయంలో 30 శాతం ఏ బిల్లులూ చూపకుండానే తీసేస్తారు. మిగతాది ఇతర ఆదాయంతో కలుస్తుంది. ఫ్లాటు మీద గృహ రుణం ఉంటే ఆ గది వాటా వడ్డీని కూడా చూపవచ్చు. భోజనం, బట్టలుతకడం కలిపి హాస్టల్ లాగా నడిపితే మాత్రం అది వ్యాపార ఆదాయం కిందికి వెళ్లే అవకాశం ఉంటుంది. అప్పుడు ఈ 30 శాతం రాదు, అసలు ఖర్చులు లెక్క చూపాల్సి వస్తుంది.

ఏడాది లెక్క ఇలా తేలుతుంది. మనిషికీ మనిషికీ మధ్య ఒక నెల ఖాళీ పోతుందనుకుంటే పదకొండు నెలల అద్దె 99,000. పనిమనిషికి అదనంగా ఇచ్చేది, గ్యాసు కలిపి నెలకు 800 చొప్పున 8,800. మొదట పెట్టిన 22,000ను నాలుగేళ్లకు పంచితే ఏడాదికి 5,500. ఖాళీ అయినప్పుడు సున్నం, చిన్న రిపేర్లకు 4,000. మిగిలేది 80,700 రూపాయలు, నెలకు 6,700కు కాస్త పైన. మొదట చెప్పుకున్న 9,000 నోట్లో పెట్టుకుని ఇంటి ఖర్చు వేసుకున్నవారికి ఈ తేడా మొదటి ఏడాదే తెలుస్తుంది. రెండు నెలలు ఖాళీ పోతే మరో 8,000 పైన తగ్గుతుంది. అందుకే నెలకు 500 ఎక్కువ ఇస్తానన్న కొత్త మనిషి కంటే మరో ఏడాది ఉంటానన్న పాత మనిషే లాభం.

ఖాళీ చేసే రోజు పనులకు గంట చాలు. చేరిన రోజు ఫోన్‌లో తీసిన గది, బాత్రూమ్ ఫోటోలు పక్కన పెట్టుకుని గోడలు, కుళాయిలు, పరుపు ఇద్దరూ కలిసి చూడాలి. సబ్ మీటరు రీడింగు ఫోటో తీసి ఆఖరి కరెంటు లెక్క అక్కడే తేల్చాలి. రెండు తాళం చెవులూ తీసుకుని, అడ్వాన్స్‌లో కోత ఏదైనా ఉంటే దేనికో రాసిచ్చి, మిగతాది అదే రోజు యూపీఐలో పంపాలి. గేటు దగ్గర సెక్యూరిటీ రిజిస్టర్‌లోంచి, విజిటర్ యాప్‌లోంచి వారి పేరు తీయించాలి. ఆ రాత్రే తాళం మార్చాలి.