చలికి వాచి దురదపెట్టే వేళ్ళు: వేడినీళ్ళలో ఎందుకు పెట్టకూడదు?

రెండేళ్ళ క్రితం జనవరి నెలలో ఒక తల్లి మా ఓ.పి.కి వచ్చారు. జబ్బు తనకు కాదని చెప్పి, సెల్‌ఫోన్‌లో ఫొటోలు తీసి మా చేతికిచ్చారు. ఆమె కుమార్తె మా దగ్గరే నర్సింగ్ చదివి, ఇంగ్లండ్‌లో ఒక వృద్ధుల ఆశ్రమంలో ఉద్యోగం చేస్తోంది. ఫొటోలో అమ్మాయి రెండు పాదాల చిటికెన వేళ్ళు, వాటి పక్క వేళ్ళు ఉబ్బి, నేరేడుపండు రంగులో ఉన్నాయి. ఒక వేలి మీద చిన్న పొక్కు చిట్లి రసి కారుతోంది. "సిస్టర్‌గారూ, పిల్ల వేళ్ళు కుళ్ళిపోతున్నాయేమోనండీ, తీసేయాలంటారా?" అని ఆమె ఏడ్చేశారు.

వేళ్ళు కుళ్ళలేదు. అది చిల్‌బ్లెయిన్స్ అనే బాధ. మన వైపు ఇలాంటి చలి అరుదు గనుక దీనికి వాడుకలో పేరు కూడా పెద్దగా వినపడదు. అయితే ఇప్పుడు మన కుటుంబాల్లో చాలామంది పిల్లలు చలిదేశాల్లో ఉన్నారు. మనవల పురుళ్ళకు చలికాలంలోనే విమానం ఎక్కే అమ్మమ్మలు, నాయనమ్మలు ఉన్నారు. అందుకే ఈసారి దీని గురించి వ్రాస్తున్నాము.

ఇది గడ్డకట్టే మంచులోనే వస్తుందని అనుకోకండి. మంచు కురవకపోయినా, తడితో కూడిన చలి చాలు. ఈ అమ్మాయి సంగతి చూడండి. రాత్రి డ్యూటీకి గుడ్డ బూట్లు వేసుకుని, వానలో నడిచి బస్సెక్కేది. మేజోళ్ళు తడిసిపోయేవి. ఆ తడి మేజోళ్ళతోనే తెల్లవారే దాకా పనిచేసి, ఉదయం గదికి వచ్చి, గోడకున్న హీటరుకు పాదాలు ఆనించి కూర్చునేది. హాయిగా ఉండేదట. సాయంత్రం నిద్ర లేచేసరికి వేళ్ళు మంట, దురద.

చలి తగిలినప్పుడు మన శరీరం గుండె, పొట్ట వంటి లోపలి అవయవాలకు వేడిని కాపాడుకోవడానికి వేళ్ళలోని సన్నని రక్తనాళాలను బిగించేస్తుంది. ఆ బిగువు మెల్లగా సడలితే ఏ ఇబ్బందీ లేదు. చల్లబడిన వేళ్ళకు ఒక్కసారిగా వేడి తగిలితే రక్తం ఒక్క పెట్టున వస్తుంది. నాళాల నుండి నీరు చుట్టూ ఉన్న కండలోకి ఊరుతుంది, అక్కడ వాపు పుడుతుంది. అందుకే ఇది చలిలో ఉండగా కనబడదు. కొన్ని గంటల తర్వాత, ఒక్కోసారి మరునాటికి బయటపడుతుంది. చలికీ వాపుకీ సంబంధం ఉందని చాలామందికి తట్టకపోవడానికి కారణం ఇదే.

తల్లి కూడా మొదట ఫంగస్ అనుకుని, ఇక్కడి నుండి ఒక ఆయింట్‌మెంట్ పంపించారు. ఫలితం లేదు. ఫంగస్ అయితే వేళ్ళ సందుల్లో చర్మం నాని, తెల్లబడి, పొరలూడుతుంది. చిల్‌బ్లెయిన్స్ వేళ్ళ పైభాగంలో, పక్కల్లో ఉబ్బుతాయి, సందుల్లో కాదు. ఆ తర్వాత ఆమె ఫోన్‌లో చెప్పిన మాట, మనలో ఏ తల్లి అయినా చెప్పేదే: "ఉప్పు వేసిన వేడినీళ్ళలో కాళ్ళు పెట్టుకో అమ్మా." అమ్మాయి నాలుగు రోజులు అలాగే చేసింది. దురద పెరిగింది, గోకింది, పొక్కు చిట్లింది. బూట్లు పట్టక రెండు రోజులు డ్యూటీ కూడా పోయింది. నర్సువు అయ్యుండి నీకైనా తెలియలేదా అని మేము అడగలేదు. మన వార్డుల్లో ఇలాంటి వేళ్ళు చూసే అవకాశమే లేదు కదా!

పైగా ఇంగ్లీషు పుస్తకాల్లో వేళ్ళు ఎర్రబడతాయని ఉంటుంది. మన చామనఛాయ చర్మం మీద ఎరుపు తెలియదు. ఊదారంగు గానీ, చుట్టూ ఉన్న చర్మం కన్నా నల్లగా గానీ కనబడుతుంది. అది చూసి వేలు చచ్చిపోయిందని భయపడతారు. వేలు మంట, దురద పెడుతూ, ముట్టుకుంటే తెలుస్తూ ఉంటే అది మామూలుగా చిల్‌బ్లెయిన్సే. అలా కాక వేలు పాలిపోయి, కర్రలా గట్టిపడి, స్పర్శ తెలియకుండా పోతే అది గడ్డకట్టిన దెబ్బ. ఒక్క క్షణం ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

అమ్మాయితో ఆ సాయంత్రమే ఫోన్‌లో మాట్లాడాము. వేడినీళ్ళు, హీటరుకు ఆనించడం, వేడినీళ్ళ సీసా, మర్దన అన్నీ మానిపించాము. డ్యూటీ నుండి రాగానే తడి మేజోళ్ళు తీసి, వేళ్ళ సందులతో సహా ఒత్తి తుడుచుకుని, పొడి ఉన్ని మేజోళ్ళు తొడుక్కుని, దుప్పటి కప్పుకుని వేడి టీ త్రాగమన్నాము. ముందు ఒళ్ళు వెచ్చబడితే వేళ్ళు వాటంతట అవే మెల్లగా వెచ్చబడతాయి. చిట్లిన పొక్కును సబ్బునీటితో కడిగి, శుభ్రమైన గాజుగుడ్డ కట్టమన్నాము. మిగతా వేళ్ళకు వాజలైన్ రాసి, గోకవద్దన్నాము. చీము పట్టినా, ఎరుపు లేక నలుపు పాదం మీదికి పాకినా, జ్వరం వచ్చినా డాక్టరును కలవాలని గట్టిగా చెప్పాము. మూడు వారాలకు వాపు తీసింది. కొంచెం నల్లమచ్చ మాత్రం మిగిలింది. అదీ తర్వాత పోయింది.

స్టిరాయిడ్ ఆయింట్‌మెంట్ రాయమంటారా అని చాలామంది అడుగుతారు. దానివల్ల పెద్దగా మేలు కనబడలేదు. ప్రతి ఏటా తీవ్రంగా వచ్చేవారికి డాక్టర్లు బి.పి.కి వాడే నిఫెడిపిన్ ఇస్తారు. అది రక్తనాళాలను సడలిస్తుంది గానీ తలనొప్పి, కళ్ళు తిరగడం, కాళ్ళవాపు తెస్తుంది గనుక ఇంట్లో నాన్నగారి బి.పి. మాత్రలు తీసి వాడవద్దు. చలి పోయి ఎండలు వచ్చినా వాపు తగ్గకపోయినా, కీళ్ళనొప్పులు, ముఖం మీద మచ్చలు, నోటిపూత కూడా ఉన్నా రక్తపరీక్ష అవసరం. లూపస్ అనే జబ్బు కొందరిలో మొదట ఇలాగే కనబడుతుంది. పొగ త్రాగేవారికి నాళాలు ముందే బిగిసి ఉంటాయి గనుక ఇది తేలికగా వస్తుంది.

షుగరు ఉన్న పెద్దవారి విషయం వేరు. వారికి పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటుంది, వేడి ఎంతో తెలియదు. హీటరు దగ్గర పాదాలు పెట్టి, కాలినా తెలియక పుండు చేసుకుంటారు. కూతురింటికి వెళ్ళే అమ్మమ్మలు రోజూ పడుకునే ముందు పాదాలు చూసుకోవాలి, లేదా పిల్లల చేత చూపించుకోవాలి. వేలు రంగు మారితే ఎదురుచూడకుండా ఆ రోజే డాక్టరుకు చూపించాలి.

రాకుండా చూసుకోవడంలో ఎక్కువమంది చేసే పొరపాటు రెండు జతల మేజోళ్ళు తొడిగి ఇరుకు బూట్లలో దూర్చడం. అలా వేళ్ళు నొక్కుకుపోయి రక్తం ఇంకా తగ్గుతుంది. ఒక్క జత మందపాటి ఉన్ని మేజోళ్ళు, వేళ్ళు కదిపేంత వదులుగా, నీరు దిగని బూట్లు మేలు. కాళ్ళకు ఎంత కప్పినా, పైన పలుచని స్వెట్టరుతో వణుకుతుంటే శరీరం వేళ్ళ నాళాలను బిగించక మానదు గనుక ఛాతీ, మెడ, తల కూడా కప్పుకోవాలి. చేతి తొడుగులు వీధిలోకి వెళ్ళాక కాదు, ఇంట్లో చేతులు వెచ్చగా ఉన్నప్పుడే వేసుకోవాలి. సంచిలో ఎప్పుడూ ఒక పొడి మేజోళ్ళ జత ఉండాలి. డిసెంబరులో లంబసింగి చూడడానికి తెల్లవారుజామున చెప్పులతో మంచుపట్టిన గడ్డిలో తిరిగి, వెంటనే నెగడు దగ్గర కాళ్ళు చాపేవారికీ ఇవే మాటలు.

ఆ అమ్మాయికి మరుసటి చలికాలం ఒక్క వేలికే వచ్చింది. సంచిలో మేజోళ్ళు మరిచిపోయిన రోజునేనట.