అయో ఎందుకు చల్లారలేదు? – ఆటుపోట్ల వల్ల పుట్టే వేడి

ఒక ఖగోళం ఎంత చిన్నదైతే, లోపలి వేడిని అంత త్వరగా కోల్పోతుంది. మన చంద్రుడే దీనికి ఉదాహరణ. అక్కడ అగ్నిపర్వతాల ఉధృతి వందల కోట్ల సంవత్సరాల కిందటే తగ్గిపోయింది. ఇప్పుడు గురు గ్రహపు ఉపగ్రహమైన అయోను గమనించండి. దాని వ్యాసం సుమారు 3,640 కి.మీ., అంటే చంద్రుడి కన్నా కొంచెమే ఎక్కువ. అది కూడా రాతి గోళమే. అయినా దాని మీద దాదాపు 400 చురుకైన అగ్నిపర్వతాలున్నాయి. ఇంత తేడా ఎక్కడి నుంచి వచ్చింది?

గురుత్వం లాగే తీరు

గురు గ్రహం అయోలో తన వైపున్న భాగాన్ని ఎక్కువగానూ, అవతలి భాగాన్ని తక్కువగానూ ఆకర్షిస్తుంది. ఈ తేడా వల్ల అయో గ్రహం దిశలో కాస్త సాగుతుంది. మన సముద్రాల్లో ఆటుపోట్లు కలగడానికి కారణమైన బలమే ఇది. ఈ బలం గ్రహ ద్రవ్యరాశికి అనులోమానుపాతంలోనూ, దూరపు ఘనానికి విలోమానుపాతంలోనూ ఉంటుంది.

చంద్రుడితో పోల్చి చూద్దాం. గురు గ్రహ ద్రవ్యరాశి భూమికి 318 రెట్లు. గురు గ్రహం నుంచి అయో దూరం సుమారు 4,22,000 కి.మీ., భూమి నుంచి చంద్రుడి దూరం సుమారు 3,84,000 కి.మీ.

318 × (3,84,000 ÷ 4,22,000)³ ≈ 240

అంటే భూమి చంద్రుడిని సాగదీసే బలానికి సుమారు 240 రెట్ల బలంతో గురు గ్రహం అయోను సాగదీస్తోంది.

సాగితే చాలదు, మారుతూ ఉండాలి

విద్యార్థులు సాధారణంగా ఇక్కడే పొరబడతారు. బలం పెద్దదైనంత మాత్రాన వేడి పుట్టదు. ఒక ఇనుప తీగను వంచి అలాగే పట్టుకుంటే అది వేడెక్కదు. అటూ ఇటూ మళ్ళీ మళ్ళీ వంచితే వంపు దగ్గర చెయ్యి కాలుతుంది. అయో ఎప్పుడూ ఒకే ముఖాన్ని గురు గ్రహానికి చూపుతుంది. దాని కక్ష్య కచ్చితమైన వృత్తమైతే, ఉబ్బు ఒకేచోట, ఒకే ఎత్తులో నిలిచిపోయేది. వేడి పుట్టేది కాదు.

నిజానికి ఆ కక్ష్య స్వల్పంగా దీర్ఘవృత్తం, ఉత్కేంద్రత 0.004 మాత్రమే. అయినా ఒక ప్రదక్షిణలో గ్రహం నుంచి అయో దూరం దాదాపు 3,500 కి.మీ. మేర మారుతుంది. దూరపు ఘనం లెక్కకు వస్తుంది కనుక, సాగదీసే బలం సుమారు 2.5 శాతం హెచ్చుతగ్గులకు లోనవుతుంది. పైగా గ్రహానికి దగ్గరైనప్పుడు అయో వేగం పెరుగుతుంది, దూరమైనప్పుడు తగ్గుతుంది. దాని ఆత్మభ్రమణ వేగం మాత్రం మారదు. అందువల్ల ఉబ్బు ఎత్తు మారడమే కాక, ఉబ్బు ఉండే చోటు కూడా అటూ ఇటూ జరుగుతుంది. ఇదంతా ప్రతి 42½ గంటలకు ఒకసారి జరుగుతుంది. లోపలి రాయి ఆగకుండా నలిగి, ఆ ఘర్షణ వేడిగా మారుతుంది.

కక్ష్య వృత్తంగా ఎందుకు మారదు?

ఇలా శక్తి ఖర్చయ్యే కొద్దీ ఉత్కేంద్రత తగ్గాలి, చివరికి కక్ష్య వృత్తం కావాలి. అలా కానివ్వనివి పక్కనున్న ఉపగ్రహాలు. అయో నాలుగు ప్రదక్షిణలు చేసేసరికి యూరోపా రెండు, గానిమీడ్ ఒకటి పూర్తిచేస్తాయి. అందువల్ల అయో, యూరోపాలు ప్రతిసారీ కక్ష్యలో దాదాపు అదే స్థితిలో, అంటే అయో గ్రహానికి అతి దగ్గరగా ఉన్నప్పుడు, ఎదురుపడతాయి. ఉయ్యాలను సరైన క్షణంలో తోస్తే ఊపు నిలిచినట్లు, ఈ చిన్న ఆకర్షణలు ఒకదానికొకటి తోడై ఉత్కేంద్రతను నిలబెడతాయి. దీనినే కక్ష్యా అనునాదం అంటారు. వేడికి అవసరమైన శక్తి అంతిమంగా గురు గ్రహపు ఆత్మభ్రమణం నుంచే వస్తోంది.

ఊహ, రుజువు

స్టాంటన్ పీల్, పాట్రిక్ కాసెన్, రే రేనాల్డ్స్ ఈ లెక్క వేసి, అయో లోపల చాలా భాగం కరిగి ఉండవచ్చని 1979 మార్చి 2న ప్రచురించారు. మూడు రోజులకు వాయేజర్-1 అయో పక్కగా వెళ్ళింది. అది పంపిన చిత్రాలను పరిశీలిస్తున్న లిండా మొరాబిటో అయో అంచున పైకి లేచిన ఒక విస్ఫోట మేఘాన్ని గుర్తించారు. నేడు అయో ప్రతి చదరపు మీటరు నుంచి సగటున 2 వాట్లకు మించి లోపలి వేడిని వెలువరిస్తోందని తెలుసు. భూమి విషయంలో ఇది 0.09 వాట్లు మాత్రమే. అంత చిన్న గోళంలోని రేడియోధార్మిక మూలకాలు ఇంత వేడిని ఇవ్వలేవు.

అయితే అయో ఉపరితలం కింద గోళమంతటా మాగ్మా సముద్రం ఉందా? ఉంటే అయో ఇంకా తేలికగా సాగాలి. జూనో నౌక 2023 డిసెంబరులోనూ, 2024 ఫిబ్రవరిలోనూ సమీపం నుంచి గురుత్వాన్ని కొలిచినప్పుడు అంతటి సాగుదల కనిపించలేదు. కాబట్టి తక్కువ లోతులో అటువంటి సముద్రం లేదని, లోపలి భాగం చాలావరకు ఘనంగానే ఉందని తేలింది. అంటే అగ్నిపర్వతాలకు రాయి అంతా కరగనక్కరలేదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

ప్రశ్న: యూరోపా, గానిమీడ్ లేకపోతే అయో అగ్నిపర్వతాలు వెంటనే ఆగిపోతాయా?

జవాబు: వెంటనే ఆగవు. ఉత్కేంద్రత క్రమంగా తగ్గి కక్ష్య వృత్తమవుతుంది. అప్పుడు ఉబ్బు మిగులుతుంది, కానీ మారదు. కొత్త వేడి పుట్టక అయో కూడా చంద్రుడిలా చల్లారుతుంది.