డెబ్బై పిక్కలు కావాలి

పదుల లెక్క నేర్పే కథలో పిల్లలకు పదులతో నిజంగా పని పడాలి. పాత్రలు ఊరికే పది, ఇరవై, ముప్పై అని పాడితే చాలదు. ఒకటో తరగతి వర్క్‌షీట్ చేతికిచ్చే ముందు చదివి వినిపించడానికి రాసిన కథ ఇది.

సీత, తమ్ముడు చిన్ని వామనగుంటలు ఆడదామనుకున్నారు. పీటకు 14 గుంటలు. గుంటకు ఐదేసి చింతపిక్కలు వేయాలంటే డెబ్బై కావాలి.

"చాటలో ఉన్నాయి, సరిపోతాయేమో చూసుకోండి," అంది అమ్మమ్మ చింతపండు ఒలుస్తూ.

సీత ఒకటి, రెండు, మూడు అంటూ ముప్పై ఎనిమిది దాకా వచ్చింది. "అక్కా, మొదటి ఆట నాదే!" అన్నాడు చిన్ని. అంతే, లెక్క పోయింది. మళ్లీ మొదలుపెడితే ఈసారి కోడి వచ్చి చాటలో తల పెట్టింది.

"పదేసి కుప్పలు పెట్టుకోవే. ఎవరు పిలిచినా కుప్ప ఎక్కడికీ పోదు," అంది అమ్మమ్మ.

ఆరు కుప్పలయ్యాయి. ఇంకా నాలుగు పిక్కలు మిగిలాయి. చిన్ని కుప్ప కుప్పనూ ముట్టుకుంటూ "పది, ఇరవై, ముప్పై, నలభై, యాభై, అరవై" అన్నాడు. అదే ఊపులో విడి పిక్కల మీద వేలు పెట్టి "డెబ్బై, ఎనభై..." అన్నాడు.

"ఆగరా! అది ఒక్క పిక్కే కదా," అంది సీత. "అరవై ఒకటి, అరవై రెండు, అరవై మూడు, అరవై నాలుగు. ఇంకో ఆరు కావాలమ్మమ్మా!"

అమ్మమ్మ చింతపండులోంచి ఆరు పిక్కలు తీసి ఇచ్చింది. ఏడో కుప్ప నిండింది.

చిన్ని తడబడ్డ చోటే చాలామంది పిల్లలూ తడబడతారు. పదుల ఊపులో పడ్డాక ఒకట్లలోకి దిగడం వాళ్లకు కష్టం. అందుకే ఆ వాక్యం దగ్గర చదవడం ఆపి, "ఇప్పుడేమనాలి?" అని పిల్లలనే అడగండి.

ఇక వర్క్‌షీట్. 10, 20, __, 40 అన్న వరసలో పిల్ల 30 రాసిందంటే పదులు తెలిసినట్టే అనుకోకూడదు. ఒకటి, రెండు, మూడు వరసకు పక్కన సున్నా పెట్టినా ఆ జవాబు వచ్చేస్తుంది. నిజంగా తెలిసిందో లేదో చూడాలంటే ముందు పిక్కల కుప్పలు పెట్టి, "నలభై పిక్కలు చూపించు," అనండి. కొందరు నాలుగో కుప్ప ఒక్కటే చూపిస్తారు. వాళ్లకు నలభై అనేది ఆ కుప్ప పేరు మాత్రమే. అలాంటి పిల్లల చేత ఒక్కో కుప్పనూ పళ్లెంలోకి తోయిస్తూ, పళ్లెంలో ఇప్పటిదాకా ఎన్ని చేరాయో ప్రతిసారీ చెప్పించాలి. నాలుగు కుప్పలనూ చేత్తో చుట్టి చూపించినప్పుడు ఖాళీలు పూరించమనవచ్చు. నాలుగు కుప్పలు, ఏడు విడి పిక్కలు ఉన్న బొమ్మ వర్క్‌షీట్‌లో చివర ఉండాలి.