గాలి కింద గొర్రె

చైనాలో పిల్లలు ఆక్సిజన్ అని రాయాలంటే ముందు గాలి గుర్తు వేస్తారు, దాని కింద గొర్రెను కూర్చోబెడతారు. వేళాకోళం కాదు. ఆ అక్షరంలో పైన ఉన్నది ‘వాయువు’, లోపల ఉన్నది ‘గొర్రె’. రెండూ కలిస్తే ‘యాంగ్’, అంటే ఆక్సిజన్.

గొర్రె అక్కడికి ఎలా వచ్చింది? 1855లో బెంజమిన్ హాబ్సన్ అనే ఇంగ్లిష్ డాక్టరు చైనా భాషలో అచ్చు వేయించిన సైన్సు పుస్తకంలో ఆక్సిజన్‌కు ‘యాంగ్ చీ’ అని పేరు పెట్టారు. అంటే ‘పోషించే గాలి’. పోషించడం అనే చైనా అక్షరంలో పైన గొర్రె, కింద తిండి ఉంటాయి. తర్వాతి రోజుల్లో ఒక్కో మూలకానికి ఒక్క అక్షరమే ఉండాలన్న పట్టుదల వచ్చింది. రెండక్షరాల పేరును ఒక్కదానిలోకి కుదించేటప్పుడు తిండిని తీసేశారు, గొర్రెను ఉంచేశారు. గొర్రెను కూడా ‘యాంగ్’ అనే అంటారు కాబట్టి పలకడానికీ సరిపోయింది, స్వరం మాత్రం కాస్త తేడా.

హైడ్రోజన్ ‘తేలిక గాలి’, క్లోరిన్ ‘పచ్చ గాలి’. వాటికీ ఇదే పద్ధతి: తేలిక అనే అక్షరంలో బండి గుర్తు కొట్టేశారు, పచ్చ అనే అక్షరంలో పట్టుదారం గుర్తు కొట్టేశారు, మిగిలిన ముక్కను గాలి కిందికి తోశారు. నైట్రోజన్ సంగతి ఇంకా తమాషా. దానికి పెట్టిన పేరు ‘దాన్’, అంటే పలుచన, చప్పన. గాలిలోని ఆక్సిజన్ ఘాటును పలచబరుస్తుంది కనుక ఆ పేరు. పలుచన అనే అక్షరంలో నీటి చుక్కలూ, వాటి పక్కన ఒకదానిమీద ఒకటిగా రెండు నిప్పులూ ఉంటాయి. కుదించేటప్పుడు నీళ్లు పోయాయి, నిప్పులు మిగిలాయి. మంటను ఆర్పేసే వాయువు పేరులో ఇవాళ రెండు మంటలు కాలుతున్నాయి!

మన పాత పుస్తకాల్లో ఆక్సిజన్ ‘ఆమ్లజని’. ఆమ్లాలన్నిటినీ పుట్టించేది ఇదేనని లెవోయిజర్ పొరబడి పెట్టిన పేరుకు అది మక్కీకి మక్కీ. జపాన్ వాళ్లదీ అదే దారి, వాళ్ల మాటకు అర్థం ‘పులుపు మూలకం’. చైనా మాత్రం ఆ పొరపాటును దిగుమతి చేసుకోలేదు. వాళ్ల ‘పోషించే గాలి’ మన ‘ప్రాణవాయువు’కు దగ్గరి చుట్టం.

అక్షరం చూస్తే గాలో రాయో తెలిసిపోతుంది

నాలుగు గుర్తులు నేర్చుకుంటే చాలు. లోహమైతే అక్షరం ఎడమ పక్కన ‘బంగారం’ ముక్క ఉంటుంది. లోహం కాని ఘన పదార్థమైతే ‘రాయి’ ముక్క. వాయువైతే పైన ‘గాలి’. ద్రవమైతే ‘నీరు’. ఇదంతా గది ఉష్ణోగ్రత దగ్గరి లెక్క. అందుకే ‘నీరు’ గుర్తు రెండే రెండు మూలకాలకు దక్కింది: పాదరసానికి, బ్రోమిన్‌కు. పాదరసం లోహమే అయినా దాని పాత అక్షరం అడుగున నీరు ఉంది, దాన్ని ఎవరూ కదపలేదు. బ్రోమిన్ అక్షరమైతే ‘నీరు’ పక్కన ‘కంపు’. గ్రీకులో బ్రోమిన్ అన్న మాటకు మూలం కూడా దుర్వాసనే. పిల్లాడికి అయోడిన్ ఘనమా ద్రవమా అని సందేహం వస్తే పేరు చూసుకుంటే చాలు, పక్కన రాయి ఉంటుంది. ఈ సదుపాయం మనకు లేదు.

ఒకరు చెబుతారు, ఒకరు రాస్తారు

లోహాల పేర్లలో చాలా భాగానికి దారి వేసింది షాంఘైలోని జ్యాంగ్‌నాన్ ఆయుధ కర్మాగారం. తుపాకుల పక్కనే అక్కడ ఒక అనువాద శాఖ నడిచేది. ఇంగ్లండ్ నుంచి వచ్చిన జాన్ ఫ్రయర్ ఇంగ్లిష్ పుస్తకం చేతిలో పట్టుకుని వాక్యం వాక్యం చైనా భాషలో నోటితో చెప్పేవారు. షూ షౌ అనే పండితుడు దాన్ని మంచి చైనా వచనంలో కుంచెతో రాసేవారు. ఆ జంట చేసిన రసాయనశాస్త్ర పుస్తకం 1871లో వెలువడింది.

వాళ్ల సూత్రం ఇది. పాశ్చాత్య పేరులోంచి ఒక్క ధ్వని తీసుకో, సాధారణంగా మొదటిది. అలా పలికే చైనా అక్షరం ఒకటి వెతుకు. దాని పక్కన లోహం ముక్క తగిలించు. కాల్షియం తీసుకుందాం. ‘కా’కు దగ్గరగా పలికే అక్షరం ‘గాయ్’, దాని అర్థం బిచ్చగాడు. పక్కన బంగారం ముక్క పెడితే కాల్షియం తయారు. మెగ్నీషియానికి ‘మే’ దొరికింది, దాని అర్థం అందం. అంటే బంగారం పక్కన బిచ్చగాడుంటే కాల్షియం, అందముంటే మెగ్నీషియం. అర్థాన్ని ఎవరూ పట్టించుకోరు, శబ్దం కోసమే ఆ ముక్క.

పెకింగ్‌లోని ప్రభుత్వ పాఠశాలలో బిలెకాన్ అనే ఫ్రెంచి ఆచార్యుడు మరో దారి పట్టారు. ధ్వని కాదు, మూలకం గుణం పేరులోనే చెప్పాలని రెండు మూడు అక్షరాలను ఒకే చట్రంలోకి కుక్కారు. ఆ అక్షరాలు రాయడానికి కష్టం, ఎలా పలకాలో తెలియదు. అవి నిలబడలేదు. దశాబ్దాల పాటు ఊరికో పేరు, పుస్తకానికో పేరుగా నడిచాక 1932లో ప్రభుత్వం నామకరణ సూత్రాలను ఒక్కటి చేసి ప్రకటించింది. షూ షౌ పద్ధతే గెలిచింది.

నిండుగా, పలుచగా, లోటుగా

నా మటుకు అన్నిటికన్నా ముచ్చటైనవి కర్బన రసాయనాల పేర్లు. ఆల్కేన్, ఆల్కీన్, ఆల్కైన్ అన్న మూడు మాటలు మన పిల్లలకు ఒకే గంపలో పడి కలిసిపోతాయి. చైనాలో మూడింటికీ ఎడమ పక్కన నిప్పు ఉంటుంది, అవి మండేవి కాబట్టి. కుడి పక్కనే అసలు పాఠం ఉంది. ఆల్కేన్‌కు ‘వాన్’, అంటే పూర్తి: కార్బన్‌కు పట్టినన్ని హైడ్రోజన్లు పట్టేశాయి. ఆల్కీన్‌కు ‘షీ’, అంటే పలుచన: హైడ్రోజన్లు తగ్గాయి. ఆల్కైన్‌కు ‘లోటు’ అనే అక్షరంలోని సగం: ఇంకా తగ్గాయి. ఈథేన్ C₂H₆, ఈథీన్ C₂H₄, ఈథైన్ C₂H₂ పక్కపక్కన రాసి చూడండి. ఆరు, నాలుగు, రెండు. పేరే లెక్క చెబుతోంది.

ఇంకో గమ్మత్తు. హైడ్రోకార్బన్‌కు మాట కావాల్సి వచ్చింది. కార్బన్ ‘థాన్’, హైడ్రోజన్ ‘ఛింగ్’. మొదటిదాని తల, రెండోదాని తోక కలిపి ‘థింగ్’ అన్నారు. రాతలోనూ అంతే, కార్బన్‌లోంచి నిప్పు ముక్క, హైడ్రోజన్‌లోంచి లోపలి ముక్క తీసి అతికించారు. శబ్దం, ఆకారం రెండూ ఒకేసారి సంధి కలిశాయి. మన వ్యాకరణవేత్తలు చూస్తే మెచ్చుకునేవారు.

కంటికి తేట, చెవికి తికమక

అయితే ఈ ఏర్పాటంతా కంటి కోసం. మాస్టారు నోటితో చెబితే కథ మారుతుంది. క్లోరిన్ ‘ల్యూ’, అల్యూమినియం కూడా ‘ల్యూ’, స్వరం ఒక్కటే తేడా. అల్యూమినియం క్లోరైడ్‌ను చదివితే ‘ల్యూ హ్వా ల్యూ’ అని వినిపిస్తుంది. అమోనియా, అమోనియం, అమీన్ మూడూ ‘ఆన్’. వాయువు కనుక అమోనియాకు గాలి గుర్తు, లోహంలా ప్రవర్తిస్తుంది కనుక అమోనియానికి బంగారం గుర్తు, జీవపదార్థాల్లో కనిపిస్తుంది కనుక అమీన్‌కు మాంసం గుర్తు. నల్లబల్ల మీద రాస్తే స్పష్టం. డిక్టేషన్ ఇస్తే స్వరం పట్టుకోలేని పిల్లాడు మూడింట్లో ఏదో ఒకటి రాసేస్తాడు.

సిలికాన్‌ది పెద్ద పంచాయితీ. ఒక దశలో దానికి పెట్టిన అక్షరాన్ని ‘షీ’ అని పలకాలనుకున్నారు. జనం మాత్రం అక్షరంలోని కుడి సగాన్ని చూసి ‘గ్వేయ్’ అని చదివారు. సరే, ‘షీ’ అనే పలికేలా వేరే అక్షరం తెచ్చారు. అప్పుడు తగరం ‘షీ’, సెలీనియం ‘షీ’, సిలికాన్ ‘షీ’ అయి కూర్చున్నాయి. 1953లో బీజింగ్ శాస్త్రవేత్తలు విసిగి పాత అక్షరాన్నే వెనక్కి తెచ్చి, జనం చదివినట్టే ‘గ్వేయ్’ అని ఖాయం చేశారు. తైవాన్‌లో ఇప్పటికీ ‘షీ’యే. సిలికాన్ వ్యాలీకి తైవాన్ జలసంధికి రెండు వైపులా రెండు పేర్లు.

ఇంటెగ్రల్ బదులు పైరు

లెక్కల పుస్తకంలో పేర్లే కాదు, గుర్తులూ అనువదించారు. 1859లో లీ షాన్‌లాన్, అలెగ్జాండర్ వైలీ కలిసి అమెరికన్ లూమిస్ రాసిన కలన గణితాన్ని షాంఘైలో చైనా భాషలోకి తెచ్చారు. అవకలనం ‘సూక్ష్మ భాగం’, సమాకలనం ‘పోగు చేసిన భాగం’ అయ్యాయి. ‘పోగు’ అనే అక్షరంలో ఎడమ పక్కన నిలబడ్డ పైరు ఉంటుంది. ఆ పైరు ముక్కనే విడదీసి ∫ బదులు వాడారు. ‘సూక్ష్మం’లోని ఎడమ ముక్క d అయింది. x ఆకాశం, y భూమి. a, b లకు పాత చైనా వరస అక్షరాలు. కూడిక గుర్తును అలాగే ఉంచితే చైనా పది అంకెలా ఉంటుంది, తీసివేత గీత ఒకటి అంకెలా ఉంటుంది. అందుకని కూడికకు ⊥ వేసి, తీసివేతకు దాన్నే తలకిందులు చేశారు.

∫ dx/(a+x) ఆ పుస్తకం పద్ధతిలో ఎలా ఉంటుందంటే: ముందు పైరు, తర్వాత ఒక గీత, గీత పైన a ⊥ ఆకాశం, గీత కింద సూక్ష్మం ముక్క, ఆకాశం. అవును, హారం పైన, లవం కింద. పాశ్చాత్య భిన్నాన్ని తిరగేసి రాయడం వాళ్ల అలవాటు. తర్వాతి తరం ఈ గుర్తులన్నీ వదిలేసి ప్రపంచమంతా రాసేవే తెచ్చుకుంది. మాటలు మాత్రం మిగిలాయి. ‘సూక్ష్మ భాగం’, ‘పోగు భాగం’ ఇవాళ చైనాలోనే కాదు, జపాన్ పుస్తకాల్లోనూ ఉన్నాయి.

కొత్త మూలకం వస్తే కొత్త అక్షరం

2016 నవంబరులో 113, 115, 117, 118 నంబర్ల మూలకాలకు అంతర్జాతీయ పేర్లు ఖరారయ్యాయి. మనం నిహోనియం, ఓగనెస్సాన్ అని తెలుగు లిపిలో రాసేసుకుని ఊరుకున్నాం. చైనాలో కమిటీ కూర్చుని, 2017 మేలో నాలుగు అక్షరాలు ప్రకటించింది. వాటిలో మూడింటికి కంప్యూటర్లో చోటు లేదు. 2018లో యూనికోడ్ కొత్త వెర్షన్ వచ్చేదాకా వాటిని మామూలుగా టైపు చేసే వీలే లేకపోయింది.

118వది ఓగనెస్సాన్. నియాన్, ఆర్గాన్ ఉన్న నిలువు వరసలోనే ఉంది కాబట్టి దాని అక్షరానికి పైన గాలి గుర్తు పెట్టి, ‘ఆవ్’ అని పేరిచ్చారు. ఇప్పటిదాకా ప్రపంచంలో తయారైన ఓగనెస్సాన్ పరమాణువులను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అవీ సెకనులో వెయ్యోవంతు కాలంలో మాయమైనవే. అది గది ఉష్ణోగ్రత దగ్గర ఘన పదార్థమై ఉంటుందని లెక్కలు కట్టినవాళ్లు అంటున్నారు. చైనా ఆవర్తన పట్టికలో మాత్రం అది వాయువే.